టేబుల్ రెండు, మూడో వరుస

ఆపరేషన్ అయి మత్తు దిగుతున్నప్పుడు చాలామందికి కడుపులో తిప్పుతుంది, కొందరికి వాంతులవుతాయి. కుట్లు పడిన పొట్టతో వాంతి చేసుకోవడం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుసు. అది రాకుండా ముందే ఇచ్చే మందుల్లో గ్రానిసెట్రాన్ ఒకటి. ఈ రకం మందులు మన ఊళ్ల ఆసుపత్రుల్లోనూ రోజూ వాడతారు. 1990లలో ఈ మందు మీద కుప్పలుగా పేపర్లు రాసిన మనిషి జపాన్‌కు చెందిన మత్తు వైద్యుడు యోషితాకా ఫుజీ. ఆయన ప్రయోగాలన్నీ చక్కగా ఉండేవి. రోగులను గుంపులుగా విడదీసేవారు, ఒక్కో గుంపుకు ఒక్కో మందో మోతాదో ఇచ్చేవారు, ఎవరికి వాంతులయ్యాయో ఎవరికి తలనొప్పి వచ్చిందో లెక్కపెట్టేవారు.

జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో పనిచేస్తున్న పీటర్ క్రాంకే, క్రిస్టియన్ ఆప్ఫెల్, నార్బర్ట్ రోవర్ అనే ముగ్గురు డాక్టర్లు ఆ పేపర్లన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. వాళ్ల కన్ను వాంతుల మీద కాక తలనొప్పి మీద పడింది. తలనొప్పి ఈ మందుకు మామూలుగా ఉండే దుష్ఫలితం, పేపర్‌లో ఒక మూలన ఒక అంకెగా ఉంటుంది. పేపర్ తర్వాత పేపర్‌లో ఆ అంకె అన్ని గుంపుల్లోనూ ఒకటే.

ఇందులో వింతేముందో చెప్పాలి. ఒక బస్తాలోంచి నాలుగు గుప్పిళ్ల వేరుశనక్కాయలు తీశామనుకోండి. ప్రతి గుప్పిట్లోనూ సరిగ్గా రెండే పుచ్చుకాయలు ఉండటం ఒకసారి జరగొచ్చు. బస్తా తర్వాత బస్తాలో, ఎప్పుడు తీసినా, నాలుగు గుప్పిళ్లలోనూ పుచ్చులు సమానంగా వస్తుంటే ఆ కాయలు ఎవరో ఏరి పెట్టినవి. నిజంగా మనుషుల మీద కొలిచిన అంకెలు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. బల్ల ముందు కూర్చుని రాసిన అంకెలకు ఆ ఎగుడుదిగుడు పట్టుబడదు.

వాళ్లు 2000లో ఆ సంగతి 'అనస్థీషియా అండ్ అనల్జీసియా' జర్నల్‌కు రాశారు. ఫుజీ అంకెలు నమ్మలేనంత బాగున్నాయని ఆ ఉత్తరానికి శీర్షిక పెట్టారు. ఇంత సమానత్వం కాకతాళీయంగా వచ్చే అవకాశం ఎంత తక్కువో లెక్కగట్టి చూపించారు. జర్నల్ ఆ ఉత్తరాన్ని పాఠకుల లేఖల పేజీల్లో వేసింది, ఫుజీ జవాబునూ వేసింది. తన ఫలితాలు నిజమేనని, నిరూపించడానికి ఇంకెంత సాక్ష్యం కావాలని ఆయన ఎదురడిగారు. అక్కడితో సంగతి ముగిసిపోయింది. రోగుల రికార్డులు చూపించమని ఆ జర్నల్ పట్టుబట్టలేదు. మరుసటి ఏడాది క్రాంకే బృందం మరో పేపర్ రాస్తూ, ఫుజీ కేంద్రం నుంచి వచ్చిన ఫలితాలకూ మిగతా కేంద్రాల ఫలితాలకూ పొంతన లేదని చూపించింది. దానికీ కదలిక లేదు. ఫుజీ మరో 11 ఏళ్లు పేపర్లు అచ్చువేస్తూనే ఉన్నారు.

2012 మార్చిలో ఇంగ్లండ్‌లోని టోర్కీ పట్టణంలో పనిచేసే మత్తు వైద్యుడు జాన్ కార్లైల్ 'అనస్థీషియా' అనే మరో జర్నల్‌లో ఫుజీ ప్రయోగాలు 168 తీసుకుని విశ్లేషించారు. ఆయన చూసింది ఇంకా సాదా అంకెలను. మందు ఇవ్వకముందు ఒక్కో గుంపులో సగటు వయసెంత, ఎత్తెంత, బరువెంత? చీటీలు వేసి మనుషులను గుంపులుగా విడదీస్తే ఈ సగటుల మధ్య ఎంతోకొంత తేడా ఉండి తీరాలి, అదీ అదృష్టం నిర్ణయించే మేరకు. ఫుజీ పట్టికల్లో ఆ తేడా ఉండాల్సినంత లేదు. ఏప్రిల్‌లో 23 మంది జర్నల్ ఎడిటర్లు కలిసి ఆయన పనిచేసిన సంస్థలకు బహిరంగంగా లేఖ రాశారు. ఏ పేపర్‌కు అసలు రికార్డులున్నాయో, దేనికి నైతిక సంఘం అనుమతి ఉందో గడువులోగా తేల్చి చెప్పమని అడిగారు. జూన్ చివరికి జపాన్ మత్తు వైద్యుల సంఘం నివేదిక ఇచ్చింది. పరిశీలించిన 212 పేపర్లలో 172 కల్పితాలు. వాటిలో 126 మొదలు నుంచి చివరిదాకా కల్పించినవే. నిజమని తేలినవి మూడు.

2000లో చూపించిన లోపం, 2012లో చూపించిన లోపం దాదాపు ఒకటే. మొదటి ఉత్తరం రాసినవాళ్లు తప్పు చేశారని నేను అనను, వాళ్లే ముందు చూశారు, ధైర్యంగా రాశారు. ఆనాటి స్పందన సరిపోలేదని ఆ జర్నల్‌కు తర్వాత ఎడిటరైన స్టీవెన్ షేఫర్ బాహాటంగానే ఒప్పుకున్నారు కూడా. కానీ ఆ ఉత్తరం చర్చగా అచ్చయింది. శీర్షికలో ఎత్తిపొడుపు ఉంది, ఎవరు ఏమి తేవాలన్న ప్రశ్న ముందుకు రాలేదు. 2012 నాటి లేఖలో ఎత్తిపొడుపు లేదు. ఫలానా కాగితాలు ఫలానా తేదీలోగా అన్న అడుగు ఉంది. కల్పిత డేటా అనుమానం వచ్చినవాళ్లు ఎడిటర్‌కు రాసేటప్పుడు గుర్తుంచుకోవలసిన తేడా ఇదే.

అదే కార్లైల్ కథలో రెండో భాగం ఉంది. అది చెప్పకపోతే పై కథ సగమే. 2017లో ఆయన అదే పద్ధతిని ఎనిమిది జర్నళ్లలో వచ్చిన 5,087 ప్రయోగాల మీద నడిపారు. లెక్క కుదరని పేపర్లలో ఒకటి పేరుమోసినది. స్పెయిన్‌లో 7,447 మందితో చేసి, ఆలివ్ నూనె, గింజపప్పులు ఎక్కువగా ఉండే మధ్యధరా భోజనం గుండెకు మంచిదని తేల్చి, 2013లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన ప్రెడిమెడ్ అధ్యయనం. జర్నల్ అడిగితే ఆ పరిశోధకులు తమ రికార్డులు తిరగేశారు. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ చేరినప్పుడు రెండోవారికి చీటీ తీయకుండా మొదటివారి భోజనమే ఇచ్చిన సందర్భాలు బయటపడ్డాయి. ఒకచోట విడివిడి మనుషులకు కాక క్లినిక్ మొత్తానికి ఒకే భోజనం కేటాయించారు. డేటా కల్పించలేదు, చీటీలు వేయడంలో క్రమం తప్పారు. 2018 జూన్‌లో పాత పేపర్‌ను ఉపసంహరించి, లెక్కలు మళ్లీ చేసి, తీర్మానాన్ని కాస్త తగ్గించి కొత్తగా అచ్చువేశారు.

ఒకే మనిషి, ఒకే పద్ధతి. ఒకచోట దాని వెనక మోసం ఉంది, ఇంకొకచోట ఇంట్లో గొడవెందుకని ఇద్దరికీ ఒకే వంట చెప్పిన మొహమాటం ఉంది. పేపర్‌లో కనిపించే అంకెలు చూసి ఈ రెంటినీ వేరుచేయడం ఎవరి తరమూ కాదు. అంకె కుదరడం లేదని మాత్రం చెప్పగలం. ఎందుకు కుదరడం లేదో చెప్పగలిగింది రికార్డులున్న సంస్థ ఒక్కటే. ఉత్తరంలోని ప్రతి మాటా ఈ హద్దులోపల ఉండాలి.

ఇప్పుడు ఒక పేపర్‌ను దగ్గరగా చూద్దాం. ఇది నేను కల్పించిన ఉదాహరణ, అంకెలు మాత్రం ఎవరైనా కాలిక్యులేటర్‌తో సరిచూసుకోవచ్చు.

ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గించే మందు మీద ప్రయోగం. రెండు గుంపులు, ఒక్కోదానిలో 28 మంది. టేబుల్ 2లో మూడో వరుస రోగుల సంతృప్తి. ప్రతి రోగీ ఒకటి నుంచి ఐదు దాకా ఒక పూర్ణసంఖ్య చెప్పాలి. మందు గుంపు సగటు 3.48 అని ఉంది. 28 మంది చెప్పిన పూర్ణసంఖ్యలు కూడితే వచ్చేదీ పూర్ణసంఖ్యే. ఆ మొత్తం 97 అయితే 28తో భాగిస్తే 3.46 వస్తుంది. 98 అయితే 3.50. మధ్యలో 3.48 రావడానికి దారే లేదు. ఇంత చిన్న లెక్కకు ఒక పేరుంది, గ్రిమ్ పరీక్ష అంటారు. నిక్ బ్రౌన్, జేమ్స్ హీదర్స్ 2016లో దీన్ని వెలుగులోకి తెచ్చారు.

ఇక్కడే తొందరపడకూడదు. ఒక రోగి ఆ ప్రశ్నకు జవాబివ్వలేదనుకోండి. అప్పుడు 27 మంది. మొత్తం 94 అయితే 27తో భాగిస్తే 3.48 కచ్చితంగా వస్తుంది! అంటే రచయిత ఒక రోగి జవాబు లేదని రాయడం మరిచిపోయి ఉంటే చాలు, అసాధ్యమైన అంకె సాధ్యమైపోయింది. పైగా ఈ పరీక్షకు తనవైన షరతులున్నాయి. జవాబులు పూర్ణసంఖ్యలై ఉండాలి, రెండు దశాంశాల సగటు అయితే మనుషులు వందలోపు ఉండాలి. నాలుగు ప్రశ్నల సగటు తీసి దాన్ని మళ్లీ 28 మందికి సగటు చేస్తే లెక్క 112 జవాబులది అవుతుంది, ఏ అంకైనా పట్టేస్తుంది. బ్రౌన్, హీదర్స్ ఈ పరీక్షకు వీలైన 71 మనస్తత్వశాస్త్ర పేపర్లను చూస్తే దాదాపు సగంలో కనీసం ఒక్క సగటైనా కుదరలేదు. అంతమందీ మోసగాళ్లు కారు కదా. టైపింగ్ తప్పులు, చెప్పకుండా వదిలేసిన జవాబులు, సరిగ్గా సవరించని దశాంశాలు అందులో ఎన్నో.

అందుకని ఒక్క అంకె దగ్గర ఆగకుండా ఐదో వరుసకు వెళ్దాం. వికారం వచ్చినవాళ్లు 17 శాతం అని ఉంది. 28లో నలుగురైతే 14 శాతం, ఐదుగురైతే 18 శాతం. 17 రాదు. మూడో వరుసను కాపాడిన 27 ఇక్కడ పనికొస్తుందేమో చూస్తే, 27లో నలుగురు 15 శాతం, ఐదుగురు 19 శాతం. ఇక్కడా రాదు. 24 మందిలో నలుగురైతే 17 వస్తుంది, 29 మందిలో ఐదుగురైనా వస్తుంది. కానీ నలుగురు రోగులు ఎక్కడికి పోయారో, లేదా ఒకరు అదనంగా ఎక్కడి నుంచి వచ్చారో పేపర్‌లో లేదు.

టేబుల్ 1లో రెండు గుంపుల సగటు బరువులు ఉన్నాయి, తేడా 100 గ్రాములు. బరువుల చెదురు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, పది కిలోల చొప్పున ఇచ్చారు. చీటీలు వేసి 28 మంది చొప్పున విడదీస్తే సగటుల మధ్య రెండు మూడు కిలోల తేడా రావడం మామూలు. 100 గ్రాములకు మించని తేడా నూటికి మూడుసార్లు వస్తుంది. ఒక్క పేపర్‌లో ఒక్క వరుసలో అలా ఉంటే అది సాక్ష్యం కాదు, వదిలేయాలి. వయసు, ఎత్తు, నాడి, రక్తపోటు అన్నీ ఇలాగే అతుక్కుని ఉంటే, ఆ రచయిత మిగతా పేపర్లలోనూ అలాగే ఉంటే అప్పుడు చెప్పదగిన సంగతి. అప్పుడైనా ఎత్తు, బరువు ఒకదానితో ఒకటి నడిచే కొలతలని, వాటిని రెండు వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదని గుర్తుండాలి. బరువు సమానంగా ఉండేలా ముందే జతచేసి గుంపులు కట్టారేమో పద్ధతుల విభాగంలో చూడాలి.

సాక్ష్యం పోగుచేయడమంటే ఈ పనే. పేపర్ పీడీఎఫ్, దాని అనుబంధ ఫైళ్లు దించుకుని, దించిన తేదీ రాసిపెట్టుకోవాలి. ఒకసారి ప్రశ్న లేచాక వెబ్‌లో ఉన్న ప్రతి మారిపోవచ్చు. ప్రయోగం రిజిస్ట్రీలో ఉంటే ఆ పేజీనీ దించుకోవాలి. మన దేశంలో మనుషుల మీద చేసే ప్రయోగాలకు 2007 నుంచి సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీ ఉంది, 2009 జూన్ నుంచి అందులో నమోదు తప్పనిసరి. ఎంతమందిని చేర్చుకుంటామని ముందు చెప్పారు, మొదటి రోగి ఏ తేదీన చేరినట్టు రాశారు, పేపర్‌లో ఏముంది అన్నవి పక్కపక్కన పెట్టి చూస్తే కొన్నిసార్లు అంకెల కంటే సూటిగా మాట్లాడతాయి. చేర్చుకోవడం పూర్తయిందని పేపర్ చెప్పే తేదీన రిజిస్ట్రీలో ఇంకా మొదలే కాలేదని ఉంటే దానికి గణాంకశాస్త్రం అక్కర్లేదు. మన లెక్కను మనకు సంబంధం లేని ఒకరిద్దరికి ఇచ్చి, పేపర్ ఎవరిదో చెప్పకుండా సరిచూడమనాలి. తప్పు మన లెక్కలోనే ఉంటే అది ఎడిటర్ కంటే ముందు మనకు తెలియాలి.

ఆ పేపర్ రాసిన ల్యాబ్‌లోనే పనిచేసే విద్యార్థి పరిస్థితి వేరు. రోగుల కేస్‌షీట్లు ఫొటోలు తీసి ఇంటికి తెచ్చుకోకూడదు, అది రోగుల గోప్యతను భంగపరచడమే, తర్వాత విచారణంతా దాని చుట్టూ తిరుగుతుంది. తాను ఏ రోజు ఏ పని చేశాడో, ఏ ఫైల్ ఎక్కడ ఉందో, ఎవరు ఏమన్నారో తేదీలతో సొంత నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. ఫలానా రిజిస్టర్ ఫలానా గదిలో ఉంటుందన్న ఒక్క వాక్యం విచారణకు వచ్చేవాళ్లకు చాలా పనికొస్తుంది.

ఉత్తరం ఎవరికి రాయాలన్నది తేలికే. జర్నల్ ప్రధాన సంపాదకుడికి రాయాలి, ప్రచురణ సంస్థలో పరిశోధన నైతికత చూసే విభాగానికి నకలు పంపాలి. పదిమందికీ నకళ్లు పంపకూడదు. రచయితకే ముందు రాసి అడగాలా అని చాలామంది తటపటాయిస్తారు. ఒక అంకె, ఒక వరుస తేడా అయితే అడగడమే మర్యాద, చాలా తప్పులు అక్కడే సర్దుకుంటాయి. కానీ చాలా పేపర్లలో చాలా అంకెలు కుదరనప్పుడు, లేదా ఆ రచయిత కింద మన చదువో ఉద్యోగమో ఉన్నప్పుడు, నేరుగా ఎడిటర్‌కు రాయడమే మంచిదని నా అభిప్రాయం. లేకుంటే రికార్డులు సర్దుకోవడానికి మనమే వ్యవధి ఇచ్చినట్టవుతుంది.

పై ఉదాహరణకు ఉత్తరం ఇలా ఉండొచ్చు. అసలుది ఇంగ్లిష్‌లో వెళ్తుంది కానీ మాటల తూకం ఏ భాషలోనైనా ఒకటే.

"సంపాదకులు గారికి. మీ జర్నల్‌లో ఫలానా సంచికలో వచ్చిన పేపర్ గురించి రాస్తున్నాను. శీర్షిక, డీఓఐ పైన ఇచ్చాను. ఇది పాఠకుల లేఖల శీర్షిక కోసం కాదు. పేపర్‌లోని అంకెల విశ్వసనీయతను పరిశీలించమని కోరుతున్న లేఖ. టేబుల్ 2, మూడో వరుసలో మందు గుంపు సంతృప్తి సగటు 3.48 అని ఉంది. 28 మంది ఒకటి నుంచి ఐదు మధ్య పూర్ణసంఖ్యలు చెబితే ఈ సగటు రాదు. మొత్తం 97 అయితే 3.46, 98 అయితే 3.50 వస్తాయి. 27 మందే జవాబిచ్చి ఉంటే 3.48 సాధ్యమే, కానీ జవాబులు తగ్గినట్టు పేపర్‌లో లేదు. అదే టేబుల్ ఐదో వరుసలో వికారం 17 శాతం అన్నది 28 మందితో గానీ 27 మందితో గానీ రాదు. వీటికి నాకు తెలియని సరైన వివరణ ఉండొచ్చు. ప్రతి వరుసకు ఎంతమంది జవాబులు లెక్కలోకి తీసుకున్నారో, ఒక్కో రోగి అంకెలున్న అసలు ఫైల్‌లో ఈ విలువలు ఉన్నాయో లేదో రచయితలను అడిగి తెలుసుకోవలసిందిగా కోరుతున్నాను. ఈ రచయితలతో నాకు ఉద్యోగ సంబంధం గానీ పోటీ గానీ లేదు. నా పేరు గోప్యంగా ఉంచండి. లేఖ అందినట్టు తెలియజేస్తే సంతోషిస్తాను."

ఇందులో 'కల్పించారు', 'మోసం', 'నమ్మలేనంత' అన్న మాటల్లేవు. అవి రాయకపోవడం భయంతో కాదు. అవి రచయిత మనసులో ఏముందో చెప్పే మాటలు, దానికి మన దగ్గర సాక్ష్యం లేదు. ఆ మాటలు పడ్డాక ఎడిటర్ ముందు లాయర్‌ను సంప్రదించాలి, రచయిత ముందు పరువు కాపాడుకోవాలి. మూడో వరుస సంగతి వెనకబడిపోతుంది. అలాగని మరీ మెత్తగా, ఏదో చిన్న సందేహమండీ అని రాసినా నష్టమే. అలాంటి ఉత్తరం పాఠకుల లేఖల్లోకి వెళ్తుంది, రచయిత జవాబు పక్కన అచ్చవుతుంది, 2000లో జరిగినట్టే అవుతుంది. పరిశీలన కోరుతున్నామని మొదటి పేరాలోనే సూటిగా చెప్పాలి.

'27 మందే అయితే సాధ్యమే' అన్న వాక్యం చాలామంది కొట్టేస్తారు, మన వాదన బలహీనపడుతుందని. నా దృష్టిలో ఉత్తరంలో విలువైన వాక్యం అదే. ఎడిటర్ ఆ పని మళ్లీ చేయక్కర్లేదు, రచయిత ఆ వివరణ చెబితే దాన్ని నిరూపించే కాగితమేదో కూడా అప్పుడే తేలిపోతుంది. ఇంకొకటి, కోటిలో ఒక వంతు అవకాశం వంటి లెక్క రాస్తే అది దేని అవకాశమో స్పష్టంగా రాయాలి. చీటీలు సక్రమంగా వేసి ఉంటే ఇంత సమానత్వం వచ్చే అవకాశం అంత తక్కువ అని మాత్రమే దానర్థం. రచయిత నిర్దోషి కావడానికి ఉన్న అవకాశం అంతేనని కాదు. ఈ రెంటినీ కలిపేసిన ఉత్తరాన్ని గణాంకశాస్త్రం తెలిసిన ఎవరైనా ఒక్క మాటతో కొట్టేస్తారు.

ఒక్కో రోగి అంకెలున్న అసలు ఫైల్ అడగమని ఎందుకంటున్నానో కార్లైల్ లెక్కే చెబుతుంది. ఆయన 'అనస్థీషియా' జర్నల్‌కు 2017 ఫిబ్రవరి నుంచి 2020 మార్చి దాకా వచ్చిన 526 ప్రయోగాల పేపర్లను పరిశీలించారు. అసలు ఫైల్ లేకుండా చూసిన 373 పేపర్లలో తప్పుడు డేటా ఉందని చెప్పగలిగింది రెండు శాతంలో. అసలు ఫైల్ తెప్పించి చూసిన 153లో అది 44 శాతం. టేబుల్ సగటులు మాత్రమే చూపిస్తుంది. ఫైల్ తెరిస్తే పదో రోగి నుంచి ఇరవయ్యో రోగి దాకా ఉన్న వరుసలే నలభయ్యో రోగి నుంచి మళ్లీ కనిపించడం వంటివి బయటపడతాయి. ఏ ఫైళ్లను అడగాలన్నది కొంతవరకు అనుమానాన్ని బట్టే నిర్ణయించారు కాబట్టి ఈ 44ను ప్రపంచంలోని పేపర్లన్నిటికీ అంటగట్టకూడదు. కానీ ఫైల్ చూడకుండా తేల్చడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉత్తరం చేరాక ఏం జరగాలో ముందే రాసిపెట్టి ఉంది. జర్నళ్లకు నైతిక విషయాల్లో దారి చూపే కోప్ అనే సంస్థ 1997లో బ్రిటన్‌లో పుట్టింది. అచ్చయిన పేపర్‌లో కల్పిత డేటా ఉందని అనుమానం వస్తే ఎడిటర్ ఒక్కో మెట్టు ఎలా ఎక్కాలో దాని పటంలో ఉంది. ముందు రచయితను వివరణ అడగాలి, అసలు డేటా తెప్పించాలి. జవాబు సంతృప్తిగా లేకపోయినా, అసలు జవాబే రాకపోయినా రచయిత సంస్థకు రాసి విచారణ జరపమనాలి. ఈలోగా పాఠకులను హెచ్చరించే ప్రకటన వేయొచ్చు. తేలాక సవరణో ఉపసంహరణో చేయాలి. పేరు చెప్పకుండా వచ్చిన ఫిర్యాదు అయినా సాక్ష్యం నిర్దిష్టంగా ఉంటే పక్కన పడేయకూడదని కోప్ చెబుతుంది. ఎడిటర్ న్యాయమూర్తి కాడు, ఏ గదిలోకీ వెళ్లి రిజిస్టర్ లాక్కోలేడు. సంస్థ తన ప్రొఫెసర్‌ను తానే విచారించుకోవాలి, ఈ ఏర్పాటులో అన్నిటికంటే బలహీనమైన చోటు అదే. నెలలు గడుస్తాయి, ఏళ్లూ పట్టొచ్చు. ఆరు వారాలకో రెండు నెలలకో, పాత ఉత్తరం తేదీ చెప్పి, కోప్ మెట్లలో ఇప్పుడు ఎక్కడున్నారని ఒక్క వాక్యంతో అడగాలి. ఎన్నిసార్లడిగినా మాట రాకపోతే ప్రచురణ సంస్థకు, ఆ తర్వాత కోప్‌కు రాయొచ్చు. కోప్ డేటాను విచారించదు, తన సభ్య జర్నల్ పద్ధతి పాటించిందా లేదా అన్నదే చూస్తుంది.

మన ఉదాహరణలో రచయిత జవాబు వచ్చిందనుకుందాం. ఎడిటర్‌కు ఎక్సెల్ ఫైల్ పంపారు. మూడో వరుసకు తెరిచి చూస్తే పదకొండో రోగి దగ్గర గడి ఖాళీగా ఉంది. 27 జవాబులు, మొత్తం 94, సగటు 3.48. ఆ అంకె నిజమే, ఒకరు జవాబివ్వలేదని పేపర్‌లో రాయలేదంతే. ఒక సవరణతో పోతుంది. ఐదో వరుస కాలమ్‌లో వికారం వచ్చినట్టు 'అవును' అని ఉన్నవి ఐదు, గడులు 28, ఖాళీలు లేవు. అంటే 18 శాతం. 17 ఎలా వచ్చిందని ఎడిటర్ మళ్లీ అడిగారు. మొదటి ఫైల్ పొరపాటున వెళ్లిందంటూ రచయిత రెండో ఫైల్ పంపారు, అందులో 24 గడులే ఉన్నాయి. ఇప్పుడు ఎడిటర్ చేతిలో ఒకే ప్రయోగానికి రెండు ఫైళ్లున్నాయి. సంస్థకు రాసే ఉత్తరంలో ఆయన ఆ రెండూ జతచేసి, ఆ 28 మంది కేస్‌షీట్లు చూసి ఏ ఫైల్ సరైనదో చెప్పమని అడిగారు.